తిరుపతి బాడుగిళ్ల యజమానులకు బహిరంగ లేఖ: ముందున్నవాళ్లు వాడిన కరెంటుకు కొత్తవాళ్ల చేత డబ్బు కట్టించకండి

అయ్యా, అమ్మా,

ఈ లేఖ తిరుపతిలో పోర్షన్లు బాడుగకిచ్చే ఇంటి యజమానులకు రాస్తున్నాను. బాడుగకుండేవాళ్లు కూడా చదివితే మంచిదే. మన ఊళ్లో ఏడాది పొడవునా ఇళ్లు మారేవాళ్లు ఉంటారు. యూనివర్సిటీలో చదువుకునే పిల్లలు, కొండ మీద డ్యూటీ చేసేవాళ్లు, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్లు, రేణిగుంట వైపు కంపెనీలకు పోయేవాళ్లు. బైరాగిపట్టెడలో, కొర్లగుంటలో, ఎం.ఆర్.పల్లిలో ఏ వీధిలో చూసినా గేటుకు టులెట్ బోర్డు కనిపిస్తుంది. ఇల్లు చేతులు మారినప్పుడు అడ్వాన్సు గురించి, సున్నం గురించి మాట్లాడుకుంటారు. కరెంటు బిల్లు దగ్గరికి వచ్చేసరికి మాత్రం "మీటరు నీ పోర్షన్‌దే, వచ్చింది కట్టెయ్" అనే మాటతో సరిపెడతారు. ఆ మాట వల్ల ఒకరి కరెంటుకు ఇంకొకరు డబ్బు కడుతున్నారు.

నేను లెక్కల పని చేసేవాడిని. బిల్లు అర్థంకాని ఇరుగుపొరుగు వాళ్లు దాన్ని నా దగ్గరికి తెస్తుంటారు. 2025 ఫిబ్రవరిలో మా వీధిలో ఒక కుర్రాడు, ఆ ఇంటి యజమానురాలు ఇద్దరూ ఒకే బిల్లు పట్టుకుని వచ్చారు. "పెద్దమ్మా, మాకు ఏసీ లేదు, గీజరు లేదు. వెయ్యి రూపాయలు ఎట్లా వస్తుంది?" అని అతను. "మీటరు తిరగకుండా బిల్లు వస్తుందా నాయనా, రీడింగు నువ్వే చూసుకో" అని ఆమె. రీడింగు చూశాం. సరిగ్గానే ఉంది. అయినా ఆ కుర్రాడు అడిగిన దాంట్లో న్యాయం ఉంది. అది ఎట్లాగో చెప్పాలంటే బిల్లును రెండుగా విడగొట్టాలి. కొంత ఈ నెల వాడకానిది, కొంత పాత నెలలది. రెండూ ఒకే కాగితం మీద, ఒకే మొత్తంగా వస్తాయి.

ఒకే మీటరు మీద సబ్ మీటర్లు పెట్టుకున్న ఇళ్ల లెక్క వేరు. ఇక్కడ చెప్పేది పోర్షన్‌కు సొంత సర్వీసు నంబరు ఉన్న ఇళ్ల గురించే.

ముందు ఈ నెల లెక్క. ఆ బిల్లులో పాత రీడింగు 8412, కొత్త రీడింగు 8572. తేడా 160 యూనిట్లు. మీటరు తెరమీద తేదీ, టైము, ఇంకా కొన్ని అంకెలు ఒకదాని తర్వాత ఒకటి మారుతుంటాయి. పక్కన kWh అని కనబడే అంకెనే చూడాలి. బిల్లు చేతికొచ్చిన రోజు మీటరులో అంకె బిల్లులోని కొత్త రీడింగుకు సమానంగా గానీ, కాస్త ఎక్కువగా గానీ ఉండాలి. తక్కువ ఉంటే రీడింగు తప్పు తీసుకున్నట్టే.

ఇప్పుడు ఈ 160 యూనిట్లను స్లాబులుగా విడగొట్టాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇళ్లకు 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రేట్లతో లెక్క వేస్తున్నాను. మొదటి 30 యూనిట్లకు యూనిట్‌కు 1.90 రూపాయలు. 31 నుంచి 75 దాకా 3 రూపాయలు. 76 నుంచి 125 దాకా 4.50. 126 నుంచి 225 దాకా 6 రూపాయలు. 226 నుంచి 400 దాకా 8.75. ఆపైన 9.75. ఇవి మెట్లలాంటివి. ఎవరైనా కింది మెట్టు నుంచే ఎక్కాలి.

కాబట్టి 160 యూనిట్లకు: మొదటి 30కి 57 రూపాయలు, తర్వాతి 45కి 135, ఆ తర్వాతి 50కి 225, మిగిలిన 35కి 210. మొత్తం 627 రూపాయలు. బిల్లులో ఎనర్జీ చార్జీ అని ఉన్న చోట ఈ అంకె రావాలి. వచ్చింది.

ఇక్కడ చాలామందికి ఒక భయం ఉంది. 125 దాటితే మొత్తం యూనిట్లకు 6 రూపాయలు పడుతుందని, 225 దాటితే కొంప మునిగిందని అనుకుంటారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 2022 మార్చి దాకా 75 లోపు, 225 లోపు, ఆపైన అని మూడు గ్రూపులు ఉండేవి. గ్రూపు మారితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోయేది. నాలుగు యూనిట్లు ఎక్కువ కాలితే బిల్లు ఒక్కసారిగా ఎగబాకిన నెలలు మనందరికీ గుర్తే. ఆ గ్రూపులను తీసేశారు. ఇప్పుడు 126వ యూనిట్ కాలితే ఎనర్జీ చార్జీలో పెరిగేది ఆ ఒక్క యూనిట్‌కు పడే 6 రూపాయలే. "నీవల్ల స్లాబు దాటింది" అని బాడుగకున్నవాళ్లను దబాయించే యజమానులు ఈ సంగతి గమనించాలి.

రోజుల లెక్క కూడా చూడాలి. రీడింగు తీసిన రెండు తేదీల మధ్య 30 రోజులు అటూ ఇటూగా ఉంటే గొడవ లేదు. రీడరు ఆలస్యంగా వచ్చి 36 రోజులకు తీసి, తర్వాతి నెల 24 రోజులకే తీశాడనుకోండి. రోజుకు ఏడున్నర యూనిట్లు కాలే ఇంట్లో మామూలుగా అయితే రెండు నెలలూ 225 చొప్పున వచ్చి, ఎనర్జీ చార్జీ రెండింటికీ కలిపి 2,034 రూపాయలు అయ్యేది. 270, 180గా విడిపోతే అదే వాడకానికి 2,157.75 అవుతుంది. పెరిగిన 45 యూనిట్లు 8.75 మెట్టు మీద పడ్డాయి, తగ్గిన 45 యూనిట్లు 6 రూపాయల మెట్టు మీదివి. ఇట్లాంటిది కనిపిస్తే రెండు బిల్లులూ తీసుకుని కరెంటు సెక్షన్ ఆఫీసులో తేదీలు చూపించి సరిచేయమని రాసివ్వండి.

ఫిక్స్‌డ్ చార్జీ యూనిట్లను బట్టి పడేది కాదు. సర్వీసుకు రాయించుకున్న లోడును బట్టి కిలోవాట్‌కు నెలకు 10 రూపాయలు. ఈ పోర్షన్ లోడు 2 కిలోవాట్లు, కాబట్టి 20 రూపాయలు. ఇల్లు రెండు నెలలు ఖాళీగా ఉన్నా ఇది పడుతుంది. ఆ రెండు నెలలది తర్వాత వచ్చినవాళ్ల మీద వేయడం తగదు. కరెంటు సుంకం యూనిట్‌కు 6 పైసలు, అంటే 160 యూనిట్లకు 9.60. ఈ మూడూ కలిపితే 656.60. దీనికి తోడు కస్టమర్ చార్జీ అని ఒక చిన్న మొత్తం ఉంటుంది. దాన్ని బిల్లులో అచ్చయినట్టే కలుపుకోండి.

అంటే ఆ కుర్రాడు ఆ నెల వాడుకున్న కరెంటు విలువ ఏడువందలకు అటూ ఇటూ. బిల్లేమో వెయ్యి దాటింది. మిగతాది ఎక్కడిది?

అది సర్దుబాటు చార్జీ. బిల్లుల్లో ఎఫ్‌పీపీసీఏ అనీ, ట్రూ అప్ అనీ కనిపిస్తుంటుంది. విద్యుత్ నియంత్రణ మండలి ఏడాది మొదట్లో కరెంటు కొనుగోలుకు ఇంత ఖర్చవుతుందని అంచనా వేసి రేట్లు ఖరారు చేస్తుంది. బొగ్గు ధర పెరిగి, బయట మార్కెట్లో ఎక్కువ ధరకు కొనాల్సి వస్తే అసలు ఖర్చు అంచనా దాటిపోతుంది. ఆ తేడాను పంపిణీ సంస్థలు తర్వాత వినియోగదారుల నుంచి రాబట్టుకుంటాయి. రాబట్టేది ఏ యూనిట్ల మీద అన్నదే మనం పట్టించుకోవలసిన విషయం. ఆ ఖర్చు పెరిగిన నెలలో ఆ మీటరు మీద ఎన్ని యూనిట్లు కాలాయో, వాటి మీద. ఈ నెల కాలిన యూనిట్ల మీద కాదు.

ఇందులో రెండు రకాలున్నాయి. మొదటిది నెలనెలా వచ్చేది. 2023 ఏప్రిల్ నుంచి యూనిట్‌కు 40 పైసల దాకా సంస్థలు ముందస్తు అనుమతి లేకుండానే వేసుకునే వీలు కల్పించారు. ఇది రెండు నెలల తర్వాత బిల్లులోకి ఎక్కుతుంది. డిసెంబరులో వాడిన యూనిట్లకు ఫిబ్రవరి బిల్లులో పడుతుంది.

రెండోది ఆ 40 పైసలకు ముందటి కాలానిదీ, దాంతో తీరని మిగులుదీ. 2022–23కు సుమారు 6 వేల కోట్లు, 2023–24కు సుమారు 9,400 కోట్లు రాష్ట్రం మొత్తం మీద వసూలు చేసుకోవడానికి మండలి 2024లో అనుమతించింది. 2024 డిసెంబరు బిల్లుల నుంచి వసూలు మొదలైంది. మొదటిది 15 నెలల్లో, రెండోది 24 నెలల్లో రాబట్టేట్టు పెట్టారు. అంటే 2022 వేసవిలో మీ పోర్షన్‌లో ఉన్నవాళ్లు రాత్రంతా ఏసీ వేసుకుని పడుకుంటే, ఆ యూనిట్ల మీద తేడా మూడేళ్లకు అదే సర్వీసు నంబరు మీద వస్తుంది. అప్పటికి అక్కడ ఎవరున్నారన్నది సంస్థకు తెలియదు. వాళ్ల పుస్తకంలో ఉండేది సర్వీసు నంబరు, దాని యజమాని పేరు. అంతే.

మన కుర్రాడి బిల్లు దగ్గరికి వద్దాం. లెక్క తేలిగ్గా అర్థం కావాలని పాత ఏళ్ల రేట్లను ఇక్కడ గుండ్రంగా వేస్తున్నాను. మీరు మీ బిల్లులో ఉన్న రేటునే తీసుకోండి. 2024 డిసెంబరులో అతను కాల్చింది 140 యూనిట్లు. యూనిట్‌కు 40 పైసల చొప్పున 56 రూపాయలు. 2022–23లోని ఒక నెలకు 310 యూనిట్లు, రేటు 80 పైసలు అనుకుంటే 248 రూపాయలు. 2023–24లోని ఒక నెలకు 280 యూనిట్లు, 40 పైసలు అనుకుంటే 112. మూడూ కలిపి 416. దీన్ని 656.60కి కలిపితే 1,072.60. వెయ్యి దాటింది ఇట్లాగ.

ఆ కుర్రాడు ఆ ఇంట్లో దిగింది 2024 జూన్‌లో. 56 రూపాయలు అతనివే, కట్టాలి. మిగిలిన 360 అతనివి కావు. 310, 280 యూనిట్లు కాల్చిన కుటుంబం అంతకుముందే ఇల్లు ఖాళీ చేసి పోయింది. ఒక్క నెలకు 360 అంటే పెద్దగా అనిపించకపోవచ్చు. కానీ ఇది ఒక్క నెలతో పోయేది కాదు, వసూలు గడువు ఉన్నన్నాళ్లూ వస్తూనే ఉంటుంది. హాస్టలు భరించలేక నలుగురు కలిసి రూము తీసుకున్న పిల్లలకు అది లెక్కే.

బిల్లులో పాత నెల యూనిట్లు విడిగా కనిపించకపోతే ఒక ఉపాయం ఉంది. ఆ వరుసలో ఉన్న మొత్తాన్ని రేటుతో భాగించండి. 56ను 0.40తో భాగిస్తే 140 వస్తుంది. ఆ 140 రెండు నెలల కిందటి బిల్లులో ఉన్న యూనిట్లతో సరిపోతే చార్జీ సరైనదే. సరిపోకపోతే అది వేరే నెలదై ఉండాలి, లేదా తప్పు పడి ఉండాలి. అందుకే పాత బిల్లులు పారేయకండి. పోగొట్టుకుంటే కరెంటు సంస్థ రెవెన్యూ ఆఫీసులో, అంటే ఈఆర్ఓలో, సర్వీసు నంబరు చెప్పి నెలవారీ వాడకం వివరాలు అడగండి.

ఇది ఎప్పుడూ వసూలే అనుకోవద్దు. రాబట్టింది ఎక్కువైతే వెనక్కి కూడా ఇవ్వాలి. 2025 నవంబరు నుంచి యూనిట్‌కు 13 పైసల చొప్పున తగ్గించమని మండలి చెప్పింది. దీన్నే ట్రూ డౌన్ అంటారు. కాబట్టి సర్దుబాటు వరుసల్లో మైనస్ గుర్తు ఉందేమో కూడా చూసుకోవాలి.

ఇప్పుడు యజమానులుగా మిమ్మల్ని అడిగేది చెబుతాను. కొత్తవాళ్లు ఇంట్లో దిగిన నెలను బాడుగ కాగితం మీద రాయండి. ఆ నెలకు ముందటి వాడకం మీద వచ్చే సర్దుబాటు ఏదైనా యజమానిదే అని ఒక వాక్యం చేర్చండి. నెలనెలా బిల్లులోంచి ఆ మొత్తాన్ని తీసేసి మిగతాదే వాళ్ల దగ్గర తీసుకోండి. లేదా వాళ్ల చేతే మొత్తం కట్టించి బాడుగలో తగ్గించుకోనివ్వండి. "నేను మాత్రం ఎందుకు భరించాలి, నేను వాడలేదు కదా" అని మీరు అడగవచ్చు. నిజమే, మీరూ వాడలేదు. కానీ సర్వీసు మీ పేరున ఉంది. పోయినవాళ్ల అడ్వాన్సు మీ చేతిలోనే ఉండింది, వాళ్ల ఫోన్ నంబరు కూడా మీ దగ్గరే ఉంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఆ దారి కూడా లేదు.

ఇదే న్యాయం బాడుగకున్నవాళ్లకూ వర్తిస్తుంది. ఖాళీ చేసే రోజున చివరి బిల్లు కట్టేస్తే లెక్క తెగిపోయినట్టు కాదు. చివరి రెండు నెలల్లో 160, 150 యూనిట్లు కాల్చి ఉంటే, ఆ 310 యూనిట్ల మీద 40 పైసల చొప్పున 124 రూపాయలు మీరు పోయాక వస్తాయి. అవి అడ్వాన్సులో పట్టుకోనివ్వండి, కొత్తవాళ్ల నెత్తిన పడకుండా ఉంటుంది. మూడేళ్ల తర్వాత ఏం వస్తుందో ఇప్పుడు ఎవరూ లెక్క కట్టలేరు, దానికోసం అడ్వాన్సు ఆపడం మాత్రం అన్యాయం.

నెల మధ్యలో ఇల్లు మారితే ఇంకో పేచీ వస్తుంది. పాతవాళ్లు 70 యూనిట్లు కాల్చి పోయారు, కొత్తవాళ్లు వచ్చి 90 కాల్చారు, బిల్లు 160కి వచ్చింది. పాతవాళ్లు "మా 70కి 177 రూపాయలే" అంటారు. మొదటి 30కి 57, తర్వాతి 40కి 120, నిజమే. కానీ అట్లా చేస్తే చవక మెట్లన్నీ దాదాపు వాళ్లే వాడేసుకున్నట్టు. కొత్తవాళ్లకు 90 యూనిట్లకు 450 పడుతుంది, అంటే యూనిట్‌కు 5 రూపాయలు. పాతవాళ్లకు రెండున్నర. మొత్తం 627ను యూనిట్ల నిష్పత్తిలో పంచడమే సబబు. 70కి 274.31, 90కి 352.69. దీనికి కావలసిందల్లా తాళంచెవులు తీసుకునే రోజు మీటరు ముందు నిలబడి, kWh అంకె కనిపించేటట్టు ఫోటో తీసి ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవడం.

ఏసీడీ గురించి కూడా చెప్పాలి. వాడకం పెరిగిన సర్వీసులకు అదనపు డిపాజిట్ కట్టమని నోటీసు వస్తుంటుంది. అది చార్జీ కాదు, సర్వీసు పేరున సంస్థ దగ్గర ఉండే డిపాజిట్టు. దాని మీద వడ్డీ కూడా ఆ సర్వీసుకే జమ అవుతుంది. ఆరు నెలలకు ఖాళీ చేసిపోయే వాళ్ల చేత దాన్ని కట్టించుకుని, పోయేటప్పుడు తిరిగి ఇవ్వకపోతే అది వాళ్ల డబ్బు ఉంచుకోవడమే. నోటీసు వస్తే మీరే కట్టండి. వాళ్లు కట్టి ఉంటే బిల్లు రసీదు చూసి ఖాళీ చేసే రోజున లెక్కలో తిరిగి ఇవ్వండి.

లెక్క వేసి చూశాక కూడా బిల్లులో ఏదో తేడా ఉందనిపిస్తే మీరూ మీరూ పోట్లాడుకోకుండా ఇద్దరూ కలిసి అడగండి. 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. రీడింగు, మీటరు సంగతైతే సెక్షన్ ఆఫీసులో ఏఈకి, లెక్క సంగతైతే ఈఆర్ఓలో కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. అక్కడా తేలకపోతే మన తిరుపతిలోనే వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది, దాని తర్వాత విద్యుత్ అంబుడ్స్‌మన్. ఎక్కడికి పోయినా వాళ్లు అడిగేది ఏ నెల, ఎన్ని యూనిట్లు, ఏ రేటు అనే.

మా వీధిలోని ఆ పెద్దమ్మ లెక్క విన్నాక తర్వాతి నెల బాడుగలో 360 తగ్గించుకోమని చెప్పింది. ముందున్న కుటుంబం నంబరు ఆమె దగ్గర ఉంది, వాళ్లను అడుగుతానంది. మీ దగ్గర బాడుగకున్నవాళ్ల ఈ నెల బిల్లును ఒకసారి అడిగి తీసుకోండి. అందులో వాళ్లు మీ ఇంట్లో దిగకముందటి నెలల సర్దుబాటు ఎంతుందో కూడి, బాడుగ రసీదు వెనక రాసి ఇవ్వండి.

ఇట్లు,
బైరాగిపట్టెడ నివాసి,
తిరుపతి